చూడని మిషనుకు బయానా ఇవ్వొచ్చా?

పాత వస్తువు కొనడం మనకు కొత్తేమీ కాదు. సంతలో పాత బిందె కొంటాం. పక్కింటివాళ్ళు అమ్మేసే మంచం కొంటాం. కొనేముందు ఏం చేస్తాం? బిందెలో నీళ్ళు పోసి, కారుతుందేమో చూస్తాం. మంచం కోళ్ళు పట్టుకుని ఊపి చూస్తాం. ఆ తర్వాతే బేరం. ఆ తర్వాతే డబ్బు.

ఇప్పుడు పాత వస్తువులు ఫోనులో కూడా అమ్ముతున్నారు. అమ్మేవారు ఫోటో పెడతారు. కింద రేటు రాస్తారు. కావలసినవారు ఫోనులోనే అక్షరాలతో మాట్లాడుకుంటారు. దీన్నే చాట్ అంటున్నారు. ఇందులో సౌకర్యం ఉంది. ఇంట్లో కూర్చునే పది వస్తువులు చూడవచ్చు. అయితే ఒక చిక్కు కూడా ఉంది. సంతలో ముందు వస్తువును చూస్తాం, చివర డబ్బు ఇస్తాం. ఫోనులో కొందరు ముందు డబ్బు అడుగుతారు. వస్తువును చివర చూడమంటారు.

మధ్యలో మన చేతిలో ఉండేవి రెండే. ఒకటి ఫోటో. రెండోది అవతలి మనిషి రాసిన మాటలు. మనం చదవడం నేర్చుకున్నాం. కాబట్టి ఆ మాటలను ఎలా చదవాలో ఇప్పుడు చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలి దగ్గర ఒక పల్లె. అక్కడ ఉండే ఆమె పేరు రమణమ్మ అనుకుందాం. జాకెట్లు కుట్టడం నేర్చుకుంది. సొంతానికి మిషను లేదు. కొట్టులో అడిగితే కొత్తది 7,500 రూపాయలు అన్నారు. అంత పెట్టలేక పాతది కొందామనుకుంది. ఫోనులో వెతికితే రెండు మిషన్లు కనపడ్డాయి. ఒకటి గుంటూరులో ఉంది. రేటు 4,500. రెండోది 2,000కే ఇస్తామని రాశారు.

మొదటి మిషను: గుండ్రటి మాటలు

రమణమ్మ ముందు గుంటూరు మనిషితో చాట్ చేసింది.

రమణమ్మ: నమస్కారమండీ. కుట్టు మిషను ఇంకా ఉందా?

అమ్మే అతను: ఉందక్కా. సూపర్ కండిషన్.

రమణమ్మ: ఎన్నాళ్ళు వాడారండీ?

అమ్మే అతను: ఎక్కువ వాడలేదక్కా. ఇంట్లో వాడిందే.

రమణమ్మ: బాగా కుడుతుందా?

అమ్మే అతను: ఫస్ట్ క్లాస్. చిన్న సర్వీసింగ్ చేయించుకుంటే చాలు.

రమణమ్మ: రేటు తగ్గిస్తారా?

అమ్మే అతను: అదే ఫైనలక్కా. ఎలా ఉందో అలాగే తీసుకోవాలి.

ఇందులో రమణమ్మకు మిషను గురించి ఏం తెలిసింది? మళ్ళీ ఒకసారి చదవండి. ఏమీ తెలియలేదు. ఎన్నేళ్ళదో తెలియదు. ఏ రిపేరు ఉందో తెలియదు. కుడుతుందో లేదో కూడా తెలియదు.

"సూపర్ కండిషన్" అనే మాటకు కొలత లేదు. తర్వాత మిషను కుట్టకపోయినా, "నా మటుకు నాకు సూపరే" అనవచ్చు. "ఎక్కువ వాడలేదు" అనేదీ అలాంటిదే. ఒకరికి ఎక్కువైనది ఇంకొకరికి తక్కువ. "ఇంట్లో వాడిందే" అంటే ఇంట్లో కూర్చుని రోజుకు పది జాకెట్లు కుట్టి ఉండవచ్చు. "చిన్న సర్వీసింగ్" అనే మాటను మాత్రం గట్టిగా పట్టుకోవాలి. మిషను ఫస్ట్ క్లాసుగా ఉంటే సర్వీసింగ్ ఎందుకు? ఏదో తేడా ఉంది. అది ఏమిటో ఆయన చెప్పలేదు. "ఎలా ఉందో అలాగే తీసుకోవాలి" అంటే, ఇంటికి తీసుకుపోయాక ఏమైనా మమ్మల్ని అడగొద్దని అర్థం.

ఇలా రాసినవారంతా మోసగాళ్ళు అనుకోకూడదు. చాలామంది తమకు తెలియక, రాయడానికి బద్ధకించి ఇలా రాస్తారు. మనం అడిగే ప్రశ్న గుండ్రంగా ఉంటే వచ్చే జవాబూ గుండ్రంగానే ఉంటుంది. "బాగా కుడుతుందా?" అని అడిగితే "బాగా కుడుతుంది" అంటారు. అందుకని జవాబులో ఒక ఏడో, ఒక లెక్కో, ఒక పనిముట్టు పేరో వచ్చేలా అడగాలి. రమణమ్మ అలాగే అడిగింది.

రమణమ్మ: మిషను ఏ సంవత్సరంలో కొన్నారండీ?

అమ్మే అతను: 2014లో అక్కా.

రమణమ్మ: చివరిసారి ఎప్పుడు కుట్టారు? ఎవరు కుట్టారు?

అమ్మే అతను: మా అమ్మ కుట్టేది. చూపు తగ్గింది. రెండేళ్ళుగా మూల పెట్టాం.

రమణమ్మ: సర్వీసింగ్ అన్నారు. దేనికి?

అమ్మే అతను: చక్రం తిప్పితే బిగుసుగా ఉందక్కా. కుట్టు అప్పుడప్పుడు తప్పుతుంది.

రమణమ్మ: రెండు మడతల గుడ్డ మీద జానెడు పొడవు కుట్టి, పైవైపు ఒకటి, కిందివైపు ఒకటి ఫోటో పెట్టండి. హెడ్ వెనక్కి వంచి, అడుగు భాగం కూడా ఫోటో తీయండి.

అమ్మే అతను: సరే అక్కా. సాయంత్రం పెడతా.

చూశారా? మనిషి అతనే. మిషనూ అదే. ప్రశ్న మారేసరికి జవాబు మారింది. ఇప్పుడు మిషనుకు ఒక వయసు వచ్చింది. రెండు లోపాలు బయటపడ్డాయి. లోపాలు తెలియడం మంచిదే. తెలిసిన లోపానికి బేరం ఆడవచ్చు.

సాయంత్రం ఫోటోలు వచ్చాయి. మిషను హెడ్ వెనుక రెండు మడత బందులు ఉంటాయి. వాటి మీద హెడ్‌ను వెనక్కి వంచితే లోపలి కడ్డీలు కనపడతాయి. బయట నల్లగా మెరిసినా, లోపల తుప్పు పట్టి ఉండవచ్చు. అందుకే ఆ ఫోటో అడగాలి. రమణమ్మకు వచ్చిన ఫోటోలో తుప్పు లేదు. పాత నూనె గోధుమరంగు జిగురులా పట్టి ఉంది.

చూడటానికి వెళ్ళినప్పుడు

ఫోటో బాగుంది కదా అని రమణమ్మ డబ్బు పంపలేదు. కుట్టుపని తెలిసిన వదినను తోడు తీసుకుని, పగటిపూట గుంటూరు బస్సెక్కింది. సంచిలో కొన్ని వస్తువులు పెట్టుకుంది. ఒక కొత్త 16 నంబరు సూది. తెల్లదారం, ఎర్రదారం. కాస్త మందం గుడ్డ, కాస్త పల్చటి గుడ్డ. ఇంతే.

ముందు మిషనులో దారం లేకుండా, గుడ్డ లేకుండా చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూసింది. బిగుసుగానే తిరిగింది. కానీ ఎక్కడా పట్టేసి ఆగలేదు. చాలాకాలం వాడకపోతే నూనె ఎండి జిగురు అవుతుంది. అప్పుడు బిగుసుగా ఉంటుంది. శుభ్రం చేసి కొత్త నూనె వేస్తే పోతుంది. అదే ఒకచోట టక్కున పట్టేస్తే, లోపల ఏదో వంగిందనో తుప్పు పట్టిందనో అనుకోవాలి. ఆ రిపేరు పెద్దది కావచ్చు.

తర్వాత చక్రాన్ని పట్టుకుని పక్కకు, లోపలికీ బయటికీ కదిపింది. బాగా ఊగితే లోపల అరిగిందని గుర్తు. ఇది ఊగలేదు.

ఇక కుట్టు. పైన ఎర్రదారం వేసింది. కింద బాబిన్‌లో తెల్లదారం వేసింది. రెండు రంగులు ఎందుకంటే, ఏ దారం తప్పు చేస్తుందో కంటికి తెలుస్తుంది. కుట్టు సరిగా ఉంటే పైవైపు ఎర్రదారమే కనపడాలి. కిందివైపు తెల్లదారమే కనపడాలి. కిందివైపు ఎర్రదారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే, పైదారం సరిగా ఎక్కించలేదని గానీ, పైదారం బిగువు తగ్గిందని గానీ అర్థం. అది అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. దానికి భయపడనక్కరలేదు.

అయితే ఈ మిషనులో నాలుగైదు చోట్ల కుట్టు తప్పింది. రమణమ్మ పాత సూది తీసి, తాను తెచ్చిన కొత్త సూది వేసింది. మొండిబారిన సూదికీ, వంగిన సూదికీ కుట్టు తప్పుతుంది. సూది ఖరీదు కొద్ది రూపాయలే. లోపం అదే అయితే అక్కడితో తీరిపోతుంది. కొత్త సూది వేశాక కూడా రెండు చోట్ల తప్పింది. అంటే లోపం సూదిది ఒక్కటే కాదు. కింద పైదారాన్ని అందుకునే షటిల్ ఉంటుంది. దాని మొన అరిగినా, దాని వేళ తప్పినా ఇలా జరుగుతుంది.

రమణమ్మ తమ ఊరి మిషను మెకానిక్‌కు ఫోను చేసింది. చూసినదంతా చెప్పింది. షటిల్, బాబిన్ కేసు, బెల్టు మార్చి, లోపల శుభ్రం చేయడానికి మొత్తం 850 అవుతుందన్నాడు. ఇంటికి తేవడానికి ఆటోకు 400.

రమణమ్మ వేసిన లెక్క చూడండి. అడిగిన రేటు 4,500. రిపేరు 850. ఆటో 400. మొత్తం 5,750. కొత్తది 7,500. తేడా 1,750 మాత్రమే. పదేళ్ళు దాటిన మిషనుకు అంత పెట్టడం ఎందుకు? కుట్టు తప్పిన గుడ్డను ఆయన ఎదుటే పెట్టి బేరం ఆడింది. 3,600కు కుదిరింది. ఇప్పుడు మొత్తం 4,850 అయింది. కొత్తదానికన్నా 2,650 తక్కువ. ఈ లెక్క ఆమెకు నచ్చింది.

పాత వస్తువుకు అసలు ధర అమ్మేవారు చెప్పిన రేటు కాదు. రేటు, రిపేరు, రవాణా మూడూ కలిపితేనే అసలు ధర.

రెండో మిషను: తీయటి మాటలు

గుంటూరు వెళ్ళడానికి ముందే రమణమ్మ 2,000 మిషను గురించి కూడా అడిగింది. ఆ చాట్ ఇలా నడిచింది.

రమణమ్మ: మిషను ఎక్కడుందండీ? వచ్చి చూస్తాను.

అవతలి మనిషి: మేడమ్, నేను మిలిటరీలో పని చేస్తాను. కాశ్మీరుకు ట్రాన్స్‌ఫర్ అయింది. మిషను కొని ఆర్నెల్లే. సామానంతా అమ్మేస్తున్నాను.

రమణమ్మ: ఎక్కడికి రావాలి?

అవతలి మనిషి: క్యాంపులోకి బయటివాళ్ళను రానివ్వరు మేడమ్. మిలిటరీ బండిలో మీ ఇంటికే పంపిస్తాను. చూసి నచ్చితేనే డబ్బు ఇవ్వండి.

రమణమ్మ: నచ్చకపోతే?

అవతలి మనిషి: వెనక్కి పంపేయండి. ముందుగా గేట్ పాస్‌కు 650 పంపండి చాలు. అది కూడా రేటులో తగ్గిస్తాను. ఇదిగో నా ఐడీ కార్డు, ఆధార్ కార్డు.

రమణమ్మ: ఆలోచించి చెప్తాను.

అవతలి మనిషి: ఇంకో ఇద్దరు అడుగుతున్నారు మేడమ్. పది నిమిషాల్లో పంపితే మీకే ఇస్తాను.

ఈ మాటలు ఎంత మర్యాదగా ఉన్నాయో చూడండి. "నచ్చితేనే డబ్బు ఇవ్వండి" అన్నాడు. కానీ వెంటనే 650 అడిగాడు. ఒకే చాట్‌లో రెండు మాటలు. మొదటి మాట మనసును మెత్తబరచడానికి. రెండో మాట డబ్బు కోసం.

ఇది దేశమంతటా చాలా ఏళ్ళుగా నడుస్తున్న మోసం. నిజమైన సైనికులకూ దీనికీ సంబంధం లేదు. సైనికుడంటే మనకు గౌరవం. ఆ గౌరవాన్ని మోసగాడు వాడుకుంటాడు. క్యాంపులోకి రానివ్వరు అంటే మనం నమ్ముతాం. ట్రాన్స్‌ఫర్ అంటే తక్కువ రేటు ఎందుకో కూడా నమ్ముతాం. వస్తువును చూడటానికి వీలు లేకుండా చేయడానికే ఈ కథంతా.

కార్డులు పంపాడు కదా అంటారేమో. ఫోటో పంపడానికి కార్డు చేతిలో ఉండనక్కరలేదు. కార్డు ఫోటో ఉంటే చాలు. అది వేరే ఎవరిదో కావచ్చు. ఇంతకుముందు మోసపోయినవారిని కార్డు పంపమని అడిగి, అదే ఇప్పుడు మనకు పంపుతూ ఉండవచ్చు. అందుకే మన ఆధార్ ఫోటో కూడా ఇలాంటివారికి పంపకూడదు. రేపు అది ఇంకొకరికి చూపించే కార్డు అవుతుంది.

రమణమ్మ 650 పంపి ఉంటే ఏమయ్యేది? ఈ మోసం సాధారణంగా ఇలా సాగుతుంది.

మొదట 650 వెళుతుంది. ఒక గంటకు, "బండి బయలుదేరింది" అని ఒక లారీ ఫోటో వస్తుంది. తర్వాత డ్రైవరునంటూ ఒకడు ఫోను చేస్తాడు. "టాక్సు 1,950 కట్టాలి. ఇది తిరిగి వచ్చే డబ్బే" అంటాడు. అదీ పంపితే, "లెక్క సరిపోలేదు, సిస్టమ్ తీసుకోలేదు. మళ్ళీ 1,950 పంపండి, రెండూ కలిపి ఒకేసారి వెనక్కి వస్తాయి" అంటాడు.

ఇప్పుడు కూడండి. 650, 1,950, 1,950. మొత్తం 4,550. మిషను రేటు ఎంత? 2,000. రెండు వేల మిషను కోసం నాలుగున్నర వేలు వెళ్ళాయి. మిషను మాత్రం రాలేదు.

తెలివిగలవాళ్ళు కూడా ఇంత దూరం ఎందుకు వెళతారు? రెండోసారి పంపేటప్పుడు మన కళ్ళు మిషను మీద ఉండవు. పోయిన 650 మీద ఉంటాయి. దాన్ని రాబట్టుకోవాలని 1,950 ఇస్తాం. ఆ 1,950ని రాబట్టుకోవాలని మళ్ళీ 1,950 ఇస్తాం. బావిలో పడిన చెంబు కోసం బిందెను వదిలినట్టు అవుతుంది. డబ్బు వెనక్కి రావాలంటే ఇంకా డబ్బు పంపాలి అని ఎవరైనా అన్నారంటే, అది మోసమే. అక్కడే ఆగిపోవాలి. పోయింది 650తోనే పోతుంది.

రమణమ్మ ఆగి, ఇంకొక్క మాట రాసింది.

రమణమ్మ: వీడియో కాల్ చేయండి. మిషను పక్కన కాగితం మీద నా పేరు రాసి చూపించండి. హెడ్ మీద ఉన్న నంబరు చదవండి.

అవతలి మనిషి: డ్యూటీలో ఉన్నాను మేడమ్. కెమెరా వాడకూడదు. నమ్మకం లేకపోతే వద్దు.

"నమ్మకం లేకపోతే వద్దు" అనే మాట చూసి చాలామంది మొహమాటపడతారు. మొహమాటం వద్దు. వస్తువు చూపించమనడం తప్పు కాదు. రమణమ్మ మరి జవాబు రాయలేదు. ఆ నంబరును బ్లాక్ చేసింది.

ఒకవేళ అతను వీడియోలో మిషను చూపించి ఉంటే? అప్పుడు కూడా ముందుగా డబ్బు పంపకూడదు. మిషను నిజంగా ఉన్నవాడు కూడా అదే మిషనును పదిమందికి చూపించి, పదిమంది దగ్గర బయానా తీసుకోవచ్చు. వీడియో వల్ల అబద్ధం బయటపడవచ్చు. నిజం మాత్రం రుజువు కాదు.

మనం అమ్మేటప్పుడు కూడా

ఇదే మోసం తిరగబడి వస్తుంది. మనం పాత గ్రైండరు అమ్ముతామని ఫోనులో పెట్టామనుకోండి. ఒకడు బేరం ఆడకుండా, చూడకుండా "కొంటాను" అంటాడు. "డబ్బు పంపుతున్నాను. ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, మీ పిన్ కొట్టండి. మీ ఖాతాలో పడుతుంది" అంటాడు.

ఇక్కడ ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లలో మనకు డబ్బు రావాలంటే మనం పిన్ కొట్టనక్కరలేదు. స్కాన్ చేయనక్కరలేదు. స్కాన్ చేసేది డబ్బు ఇచ్చేవారు. పిన్ కొట్టేదీ డబ్బు ఇచ్చేవారే. పిన్ అంటే ఇంటి బీరువా తాళంచెవి లాంటిది. ఎవరైనా మనకు డబ్బు ఇస్తామంటే బీరువా ఎందుకు తెరవాలి?

కొందరు "డబ్బు పంపేశాను" అని ఒక స్క్రీన్ షాట్ పంపుతారు. స్క్రీన్ షాట్ తయారు చేయవచ్చు. మెసేజ్ కూడా తయారు చేయవచ్చు. మన యాప్ తెరిచి బ్యాలెన్సు చూసుకున్న తర్వాతే వస్తువు ఇవ్వాలి.

మరి బయానా అసలే ఇవ్వకూడదా?

ఇవ్వవచ్చు. నిజమైన అమ్మకందారులు కూడా బయానా అడుగుతారు. వాళ్ళ బాధ వాళ్ళది. "వస్తాం, ఆ మిషను ఉంచండి" అని చెప్పి రానివారు చాలామంది ఉంటారు. వాళ్ళను నమ్మి వచ్చిన బేరం పోగొట్టుకుంటారు. కాబట్టి బయానా అడగడమే మోసం అనలేం. ఎప్పుడు అడుగుతున్నారన్నదే చూడాలి. వస్తువును చూడకముందు బయానా లేదు. చూసి, పరీక్ష చేసి, రేటు కుదిరాక, ఎదురుగా కూర్చుని ఇచ్చేదే బయానా.

రమణమ్మ దగ్గర ఆ రోజు మొత్తం డబ్బు లేదు. 500 బయానా ఇచ్చింది. తర్వాత ఇద్దరూ ఒక చీటీ రాసుకున్నారు. చీటీ ఇలా ఉంది.

*బయానా చీటీ*

*తేదీ: ............*

*వస్తువు: పాత కుట్టు మిషను, స్టాండుతో సహా. హెడ్ మీద నంబరు: ............*

*లోపాలు: చక్రం బిగుసు. కుట్టు అప్పుడప్పుడు తప్పుతుంది.*

*కుదిరిన ధర: 3,600 రూపాయలు*

*ఇచ్చిన బయానా: 500 రూపాయలు. మిగిలినది: 3,100 రూపాయలు*

*వచ్చే ఆదివారం లోపల మిగిలినది ఇచ్చి మిషను తీసుకుపోవాలి. అంతవరకు ఇంకొకరికి అమ్మకూడదు. అమ్మితే బయానా తిరిగి ఇవ్వాలి.*

*అమ్మేవారి సంతకం, ఫోను నంబరు: ............*

*కొనేవారి సంతకం, ఫోను నంబరు: ............*

ఇందులో హెడ్ మీది నంబరు ఎందుకు రాశారు? మిషను హెడ్ మీద తయారీ నంబరు ఉంటుంది. ఆదివారం వెళ్ళినప్పుడు ఆ నంబరు చూస్తే, మనం పరీక్ష చేసిన మిషనే ఇస్తున్నారని తెలుస్తుంది. హెడ్ మారిస్తే నంబరు మారుతుంది. లోపాలు ఎందుకు రాశారు? రాసిన లోపాలకు మనం ఒప్పుకున్నట్టు. ఆదివారానికి కొత్త లోపం కనపడితే అడిగే హక్కు ఉంటుంది. చీటీ రెండు కాపీలు రాసి, చెరొకటి ఉంచుకోవాలి.

డబ్బు పోతే ఏం చేయాలి?

ముందుగా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది ఆన్‌లైన్ డబ్బు మోసాల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. cybercrime.gov.in అనే చోట కూడా ఫిర్యాదు రాయవచ్చు. మన బ్యాంకుకు కూడా చెప్పాలి. సిగ్గుపడి రేపు చెబుదామని ఆగకూడదు. మోసగాడు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుస్తూ పోతాడు. డబ్బు ఇంకా ఖాతాలో ఉండగా ఫిర్యాదు వెళితే దాన్ని ఆపే వీలుంది. చేతిలోకి తీసేసుకున్నాక రాబట్టడం కష్టం. అందుకే మొదటి గంటలు ముఖ్యం.

చాట్‌ను కోపంతో చెరిపేయవద్దు. అదే మన సాక్ష్యం. మోసగాడి ఫోను నంబరు, డబ్బు పంపిన తేదీ, సమయం, మొత్తం రాసి పెట్టుకోవాలి. డబ్బు పంపిన ప్రతిసారీ యాప్‌లో 12 అంకెల యూపీఐ నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని చూసి రాసుకోవాలి. ఫిర్యాదులో అది అడుగుతారు. ఇంకో జాగ్రత్త. కొన్నాళ్ళకు ఎవరో ఫోను చేసి, "మీ డబ్బు రాబట్టి ఇస్తాం, ముందు ఫీజు కట్టండి" అనవచ్చు. అది మళ్ళీ అదే మోసం.

చదవండి, ఆలోచించండి

కింది మాటలు చాట్‌లో వచ్చాయి. ఒక్కొక్కటి చదివి, మీరైతే ఏం జవాబు రాస్తారో నోటుపుస్తకంలో రాయండి.

1. "ఫ్రిజ్ కొత్తదానిలా ఉంది. చిన్న గ్యాస్ ప్రాబ్లం, అంతే."

2. "మీరు రానక్కరలేదు. 300 పంపితే సైకిల్ మీ ఇంటికి వస్తుంది."

3. "మీ గ్రైండరు నేను కొంటాను. ముందు ఒక్క రూపాయి వస్తుంది, ఈ కోడ్ స్కాన్ చేయండి."

4. "చూసుకున్నారు కదా. ఆదివారం దాకా ఉంచాలంటే 200 ఇచ్చి వెళ్ళండి."

వీటిలో ఒకదానికి మాత్రం డబ్బు ఇవ్వడం గురించి ఆలోచించవచ్చు. అది ఏదో, డబ్బుతో పాటు ఏం రాసుకోవాలో మీ పక్కనున్నవారికి చెప్పండి.